తెలుగులో ప్రశ్నపదం కదులుతుందా, కదలదా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. లింగ్విస్టిక్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో ప్రశ్నపదం వాక్యం ముందుకు కదులుతుందనీ, తెలుగులో ఉన్నచోటే ఉంటుందనీ క్లాసులో చెప్పారు. మరి "ఏం కొన్నావు నువ్వు?", "నువ్వు కొన్నదేంటి?" అని కూడా అంటాం కదా, అవి కదలడం కాదా? పైగా తెలుగులో కూడా అది "కనిపించకుండా" కదులుతుందని ఒక వాదన ఉందట. కనిపించనిదాన్ని ఎలా నమ్మాలి? సెమినార్ పేపర్ రాయాలి, టెన్షన్‌గా ఉంది. తెలుగు ఉదాహరణలతో ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

మీ రెండు వాక్యాల్లోనూ ఏదో ఒకటి జరిగిన మాట నిజమే. కానీ అది ఇంగ్లిష్‌లో జరిగేది కాదు. కనిపించని కదలిక సంగతికొస్తే, దాన్ని నమ్మాలా వద్దా అని తలపట్టుకోనక్కర్లేదు. అది నిజమైతే ఏ వాక్యాలు చెల్లకూడదో ముందే చెప్పగలం కాబట్టి పరీక్షించి చూడొచ్చు. తెలుగులో ఆ పరీక్ష సగం నెగ్గుతుంది, సగం ఓడుతుంది. పేపర్ రాయదగ్గ విషయం అక్కడే ఉంది.

ముందు ఇంగ్లిష్‌లో "కదిలింది" అని ఏ ఆధారంతో అంటున్నారో చూద్దాం. "వాట్ డిడ్ యు బై?" అన్న వాక్యంలో "బై" అనే క్రియకి కర్మ కావాలి. దాని పక్కన ఏమీ లేదు. పోనీ ఖాళీగా ఉంది కదా అని "ఎ బుక్" తెచ్చి పెడితే వాక్యం చెడిపోతుంది. అంటే ఆ చోటు ఖాళీగా లేదు, ముందున్న "వాట్" పేరు మీద రిజర్వ్ అయి ఉంది. ఎంత దూరమైనా ఈ సంబంధం తెగదు. "వాట్ డిడ్ సీత సే రవి బాట్?" అన్నప్పుడు మొదట్లో ఉన్న "వాట్" చిట్టచివర ఉన్న "బాట్" తాలూకు కర్మే.

ఆ ఖాళీ మనం ఊహించుకున్నది మాత్రమే అనిపిస్తే ఇంకో సంగతి చూడండి. మాటల్లో ఇంగ్లిష్‌వాళ్లు "వాంట్ టు"ని కలిపేసి "వానా" అంటారు. "హూ డు యు వాంట్ టు సీ?" అన్నప్పుడు, అంటే ఎవర్ని చూడాలనుంది అని అడిగినప్పుడు, "వానా సీ" అనడానికి వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. అదే "హూ డు యు వాంట్ టు సింగ్?" అని, ఎవరు పాడాలని నీ కోరిక అన్న అర్థంలో అడిగితే, చాలామంది అక్కడ "వానా" అనరు. పైకి రెండింటిలోనూ "వాంట్", "టు" పక్కపక్కనే ఉన్నాయి. కానీ రెండో వాక్యంలో పాడే మనిషి ఉండాల్సిన చోటు సరిగ్గా ఆ రెండు మాటల మధ్య ఉంది. "హూ" అక్కణ్నుంచే లేచి ముందుకు వెళ్లింది. నోటికి వినపడని ఖాళీ కూడా ఉచ్చారణకి అడ్డం పడుతోందన్నమాట. కనిపించనిదాన్ని ఎలా నమ్మాలి అన్నదానికి ఇది మొదటి జవాబు: దాని ప్రభావం వేరేచోట కనిపించాలి.

అలాగని ఇంగ్లిష్‌లో ప్రతి ప్రశ్నపదమూ కదలదు. "హూ బాట్ వాట్?" అన్నప్పుడు ముందుకెళ్లేది ఒక్కటే, "వాట్" మన "ఏం" లాగే ఉన్నచోట కూర్చుంటుంది. బల్గేరియన్‌లో రెండూ ముందుకెళ్లి వరసలో నిలబడతాయి. మాండరిన్ చైనీస్‌లో ఏదీ కదలదు. ఫ్రెంచ్‌లో రెండు పద్ధతులూ నడుస్తాయి. ప్రపంచ భాషల నిర్మాణాల మీద తయారైన అట్లాసులో సుమారు 900 భాషలు చూస్తే, ప్రశ్నపదాన్ని తప్పనిసరిగా ముందు పెట్టేవి మూడోవంతు కూడా లేవు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లోనే ఒక మాట అన్నాడు: క్రియతో వాక్యం మొదలయ్యే భాషలు ప్రశ్నపదాన్ని ఎప్పుడూ ముందే పెడతాయి, క్రియ చివర వచ్చే భాషల్లో మాత్రం అలాంటి కచ్చితమైన నియమం ఉండదు. తెలుగు రెండో గుంపులోది.

ఇప్పుడు మీ ఉదాహరణలకి వద్దాం. "ఏం కొన్నావు నువ్వు?"లో "ఏం" ముందుకు రాలేదు, "నువ్వు" వెనక్కి వెళ్లింది. అయినా "ఎవర్ని రవి చూశాడు?" లాంటివి కూడా మనం అంటాం, అక్కడ ప్రశ్నపదమే ముందుంది. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ప్రశ్నపదం తీసేసి ఆ చోట మామూలు పేరు పెట్టండి. "సీతని రవి చూశాడు." బాగానే ఉందిగా? అంటే తెలుగులో ఏ నామపదానికైనా ఉన్న స్వేచ్ఛనే ప్రశ్నపదమూ వాడుకుంది. అది ప్రశ్న కాబట్టి జరిగింది కాదు. ఇంగ్లిష్‌లో ఇదే పరీక్ష పెడితే "సీత డిడ్ రవి సీ" వస్తుంది, అది వాక్యమే కాదు. ఇంకో తేడా ఏమిటంటే ఇంగ్లిష్‌లో కదలడం తప్పనిసరి, మనకి ఐచ్ఛికం. ఇలా పదాలు అటూ ఇటూ జరగడానికి లింగ్విస్టిక్స్‌లో స్క్రాంబ్లింగ్ అని వేరే పేరే ఉంది. పేపర్‌లో ఈ రెండింటినీ కలిపేయకండి, పరీక్షకులు మొదట పట్టుకునేది అదే.

"నువ్వు కొన్నదేంటి?" కథ వేరు. ఇక్కడ ప్రశ్నపదం చివరికి జరిగిందని అనుకోవడం సహజం. కానీ "అరిచిందెవరు?" అన్న ప్రశ్నని దగ్గరగా చూడండి. క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవరో అరిస్తే మాస్టారు అడిగే ప్రశ్న. మామూలు వాక్యం "ఎవరు అరిచారు?" కదా. అందులోంచి "ఎవరు" చివరికి జరిగిందంతే అనుకుంటే "అరిచారు ఎవరు?" రావాలి. మాస్టారు అలా అనడు. "అరిచారు" పోయి "అరిచింది" వచ్చింది. జవాబు చెప్పేవాడు "అరిచింది రవి సార్" అంటాడు, రవి మగపిల్లాడైనా సరే. మామూలు వాక్యంలో "రవి అరిచింది" అంటే నవ్వుతారు. అంటే ఈ "అరిచింది" రవితో పొందిక ఉన్న క్రియ కాదు. "అరిచినది" అనే నామం, దాని పక్కన ఆఖ్యాతంగా "ఎవరు". "ఇది ఏంటి?" ఎలా కట్టామో అలాగే "అరిచింది ఎవరు?" కట్టాం. దీన్ని క్లెఫ్ట్ నిర్మాణం అంటారు. దీనికి ఒక గుర్తు కూడా ఉంది. "నువ్వేం కొన్నావు?" అంటే "ఏమీ కొనలేదు" అని హాయిగా చెప్పొచ్చు. "నువ్వు కొన్నదేంటి?" అన్నవాడు మీరేదో కొన్నారని ముందే తేల్చేసుకున్నాడు, "ఏమీ కొనలేదు" అంటే అతని లెక్క తప్పినట్టు. వాక్యం కట్టుబడే వేరు కాబట్టి అర్థమూ వేరయింది.

ఇక "ఉన్నచోటే ఉంటుంది" అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. "రవి పుస్తకం ఇచ్చాడు" అన్న వాక్యంలో రవి గురించి అడగాలంటే మన నోటికి ముందుగా వచ్చేది "పుస్తకం ఎవరిచ్చారు?" అనే. "ఎవరు పుస్తకం ఇచ్చారు?" తప్పు కాదు గానీ కొంచెం బరువుగా ఉంటుంది. కర్త స్థానంలో ఉండాల్సిన "ఎవరు" క్రియ పక్కకి చేరింది, లేదా "పుస్తకం" దాన్ని దాటి ముందుకెళ్లింది. మలయాళంలో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. "నిన్నె ఆర్ అడిచ్చు?" అంటారు, నిన్ను ఎవరు కొట్టారు అని. "ఆర్"ని "నిన్నె" కంటే ముందు పెడితే ఒప్పుకోరు. దీని మీద చాలాకాలం పనిచేసిన కె.ఎ. జయశీలన్ మన తార్నాకలోనే, ఇప్పుడు ఇఫ్లూ అయిన సీఫెల్‌లో పాఠం చెప్పాడు. ఆయన వాదన ఏమిటంటే, ద్రావిడ భాషల్లో క్రియకి ముందు ఫోకస్ కోసం, అంటే వాక్యంలో నొక్కి చెప్పే ముక్క కోసం, ఒక చోటు ఉంటుంది, ప్రశ్నపదం వెళ్లేది అక్కడికి. తెలుగులో జవాబు కూడా అక్కడికే చేరడం చూడండి: "పుస్తకం రవి ఇచ్చాడు." కాబట్టి తెలుగులో ప్రశ్నపదం అసలు కదలదు అనడం కంటే, కదిలినా వాక్యం మొదటికి పోదు, క్రియ దగ్గరికి చేరుతుంది అనడం మేలు అని నా అభిప్రాయం. మలయాళానికి కుదిరినంత బాగా తెలుగుకి కుదరదు, మనది కాస్త వదులు. ఆ వదులు ఎంతన్నది మీరే వాక్యాలు పెట్టి చూడాలి.

ఇదంతా ప్రశ్నపదం ఎక్కడ నిలబడింది అన్న లెక్క. నాకు అంతకంటే ముఖ్యం అనిపించేది దాని పరిధి, అంటే ప్రశ్న ఎంతవరకు వర్తిస్తుంది అన్నది. ఒకే వాక్యంలో ఇంకో వాక్యం ఉన్నప్పుడే ఇది బయటపడుతుంది. ఈ రెండూ చూడండి.

రవి ఎవర్ని కలిశాడని సీత చెప్పింది?

రవి ఎవర్ని కలిశాడో సీత చెప్పింది.

మొదటిది ప్రశ్న. జవాబుగా ఎదుటివాళ్లు ఒక మనిషి పేరు చెప్పాలి. రెండోది సమాచారం, దానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. రెండింటిలో "ఎవర్ని" ఒకేచోట ఉంది, మాటల వరసా ఒకటే. మారినదల్లా లోపలి క్రియ చివర "అని" ఉందా, "ఓ" ఉందా అన్నదే. ఇంగ్లిష్‌వాడు ఇదే తేడా చూపించడానికి "హూ"ని మోసుకుపోవాలి. మొదటి అర్థానికి "హూ డిడ్ సీత సే రవి మెట్?" అని పైవాక్యం మొదటికి, రెండో అర్థానికి "సీత సెడ్ హూ రవి మెట్" అని లోపలి వాక్యం మొదటికి. ప్రశ్నపదం ఎక్కడ ఆగిందో అదే దాని పరిధి. మనం పదాన్ని కదపకుండా క్రియ చివర గుర్తు పెడతాం. "ఓ" పెడితే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. "అని" పెడితే దాటి పైకి వెళ్లిపోతుంది.

"ఓ" గట్టిగా మూసేస్తుందనడానికి ఇంకో సాక్ష్యం. "రవి ఎవర్ని కలిశాడో ఎవరు చెప్పారు?" అని అడిగితే మీరు "సీత" అంటారు. రవి కలిసిన మనిషి పేరు చెప్పరు. ప్రశ్నపదాలు రెండున్నా మొదటిది "ఓ" లోపలే ఉండిపోయింది, రెండోదే బయటికి అడుగుతోంది. "రవి ఎవర్ని కలిశాడో సీత చెప్పిందా?" అంటే అవును, కాదు అన్న జవాబు చాలు. యాసతో దీనికి పనిలేదు. "ఎవరొచ్చారో తెలీదు" అన్నా, "ఎవరొచ్చిన్రో తెల్వది" అన్నా "ఓ" అక్కడే ఉంటుంది.

"అని" విషయంలో మాత్రం ఒక చిక్కుంది, ఇక్కడ విద్యార్థులు తరచూ బోల్తాపడతారు. "రవి ఎవరొచ్చారని చెప్పాడు?" అంటే ప్రశ్న. "రవి ఎవరొచ్చారని అడిగాడు" అంటే మాత్రం మామూలు వాక్యం. "అని" రెండింటిలోనూ ఉంది, పరిధి మాత్రం వేరు. కారణం క్రియలో ఉంది. "అని" ఎదుటివాళ్ల మాటని ఎత్తి చూపిస్తుంది. అడగడం అన్న పనికి లోపల ఉన్నది ఎలాగూ ప్రశ్నే అయి ఉండాలి, అందుకే "ఎవరు" అక్కడే స్థిరపడుతుంది. చెప్పడం, అనుకోవడం లాంటివాటికి లోపల ప్రశ్న ఉండాల్సిన అవసరం లేదు, కాబట్టి అది పైకి వెళుతుంది. "ఎవరు గెలుస్తారని అనుకుంటున్నావు?" బాగుంటుంది, "ఎవరు గెలుస్తారో అనుకుంటున్నావు" బాగోదు. అనుకోవడం తన లోపల మూసేసిన ప్రశ్నని తీసుకోదు, తెలియడం తీసుకుంటుంది. కాబట్టి "అని" అంటే పైకి, "ఓ" అంటే కిందకి అని కళ్లు మూసుకుని రాసేయకండి. క్రియల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష. 1967లో జాన్ రాబర్ట్ రాస్ తన పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసంలో, ఇంగ్లిష్‌లో కొన్ని నిర్మాణాల లోపల్నుంచి ఏదీ బయటికి కదలలేదని చూపించాడు. వాటికి ద్వీపాలు అన్న పేరు స్థిరపడింది. ఒక నామాన్ని వర్ణించే వాక్యం అలాంటిది. "అమ్మ వండిన బిర్యానీ"లో "అమ్మ వండిన" అన్న ముక్క. ఇంగ్లిష్‌లో "యు ఏట్ ద బిర్యానీ దట్ అమ్మ కుక్డ్" అనొచ్చు. అందులో అమ్మ స్థానంలో "హూ" పెట్టి దాన్ని ముందుకు తెద్దామంటే కుదరదు. "హూ డిడ్ యు ఈట్ ద బిర్యానీ దట్ కుక్డ్?" అంటే ఇంగ్లిష్‌వాడికి అర్థమే కాదు. "ఇఫ్"తో మొదలయ్యే వాక్యమూ అంతే, దాంట్లోంచీ ఏదీ బయటికి రాదు.

మనం మాత్రం "ఎవరు వండిన బిర్యానీ తిన్నావు?" అని ఏ తడబాటూ లేకుండా అడుగుతాం. "ఏం చేస్తే నీ కోపం పోతుంది?" అన్నది ఇళ్లల్లో రోజూ వినపడే ప్రశ్న. ఇంగ్లిష్‌లోకి ఇదే కట్టుబడితో దించలేరు, వేరేగా తిప్పి చెప్పుకోవాల్సిందే. తెలుగులో ప్రశ్నపదం కనిపించకుండా వాక్యం మొదటికి వెళుతోందంటే ఈ గోడలకి అదీ గుద్దుకోవాలి కదా? గుద్దుకోలేదు. కనిపించని కదలిక లేదనడానికి ఇది బలమైన ఆధారం.

ఇక్కడితో ఆపేస్తే సగం కథే. ఇప్పుడు "ఎందుకు" పెట్టి చూడండి.

ఎవరు మూసేసిన షాపు ముందు నిలబడ్డావు?

ఎప్పుడు మూసేసిన షాపు ముందు నిలబడ్డావు?

ఎందుకు మూసేసిన షాపు ముందు నిలబడ్డావు?

మొదటి రెండింటిలో "ఎవరు", "ఎప్పుడు" మూసేయడం గురించే అడుగుతున్నాయి. మూడోదానికి ఎవరైనా జవాబు చెబితే, తాను ఎందుకు నిలబడ్డాడో చెబుతాడు. షాపు ఎందుకు మూసేశారో చెప్పడు. "ఎందుకు" పక్కనే ఉన్న "మూసేసిన"ని వదిలేసి, దూరంగా ఉన్న "నిలబడ్డావు"తో ముడిపడింది. "రవి ఎందుకు వస్తే నీకు కోపం వస్తుంది?" అని, వచ్చిన కారణం గురించే అడుగుతున్నట్టుగా చెప్పి చూడండి, వినేవాళ్లు ఆగి మళ్లీ చెప్పమంటారు. అలాగని "ఎందుకు" లోపలి వాక్యాల్లోంచి అసలు బయటికి రాలేదా అంటే, వస్తుంది. "రవి ఎందుకు వెళ్లిపోయాడని సీత చెప్పింది?" అంటే వెళ్లిపోవడానికి కారణం హాయిగా అడిగినట్టే. "అని" వాక్యం గోడ కాదు. వర్ణించే వాక్యం గోడ, "ఇఫ్" తరహా వాక్యం గోడ. ఇంగ్లిష్‌లో ప్రశ్నపదానికి ఏవి గోడలో, మన "ఎందుకు"కీ అవే గోడలు. కదిలేదాని లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి, కంటికి కదలకపోయినా.

సరిగ్గా ఇదే తేడాని సి.టి. జేమ్స్ హువాంగ్ 1982లో చైనీస్‌లో చూపించాడు. అక్కడా ప్రశ్నపదం ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. అక్కడా వర్ణించే వాక్యం లోపల ఎవరు, ఏమిటి చెల్లుతాయి, ఎందుకు చెల్లదు. ఆయన వాదన ప్రకారం చైనీస్‌లోనూ ప్రశ్నపదాలు కదులుతాయి, కాకపోతే ఉచ్చరించాక, అర్థం కట్టే దశలో. ఆ దశలో కొన్ని గోడలు పనిచేయవు, కానీ ఎందుకు లాంటి పదాల మీద ఇంకో గట్టి నియమం ఉంటుంది. మీ క్లాసులో విన్న "కనిపించకుండా" అన్న మాట మూలం అదే. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఎవరు, ఏమిటి లాంటివి ఏ దశలోనూ కదలవన్నారు. వాక్యం చివరి ప్రశ్న గుర్తు దూరం నుంచే వాటిని కట్టేసుకుంటుందని వాళ్ల లెక్క. మన "ఓ" చేసే పని చూస్తే నాకూ అదే నచ్చుతుంది. జపనీస్ మీద తైసుకె నిషిగౌచి 1986లో చెప్పినది మూడో దారి. "ఎవరు" ఒక్కటే కదలదు, "ఎవరు వండిన బిర్యానీ" మొత్తం కలిసి కదులుతుంది, కాబట్టి గోడ దాటాల్సిన పనే రాదు. దీన్ని తెలుగులో తేలిగ్గా చూడొచ్చు. "ఎవరు వండిన బిర్యానీ తిన్నావు?" అంటే మీరు "అమ్మ" అని ఊరుకుంటారా, "అమ్మ వండింది" అంటారా? నా చెవికి రెండోది సాఫీగా ఉంది. అది నిషిగౌచి వైపు మొగ్గు.

"ఎందుకు" ఎందుకిలా వేరు? అది వాక్యంలో ఒక ఖాళీ నింపే పదం కాదు, మొత్తం సంఘటనకి కారణం అడిగే పదం. ఇది పదం గుణం కాదు, దాని ఉద్యోగం గుణం. మందుల షాపులో "ఇది ఎందుకు పనికొచ్చే మందు?" అని అడుగుతారు. ఇక్కడ "ఎందుకు" వర్ణించే వాక్యం లోపలే ఉంది, ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే "పనికొచ్చు" అన్న క్రియకి "దేనికి" అన్నది కావాలి. జ్వరానికి పనికొస్తుంది, దగ్గుకి పనికొస్తుంది. ఇక్కడ "ఎందుకు" ఆ ఖాళీనే నింపింది, కారణం అడగలేదు. ఒకే రూపం రెండు ఉద్యోగాలు చేస్తూ, ఒకదాంట్లో గోడ దాటుతోంది, ఇంకోదాంట్లో గుద్దుకుంటోంది. మీ పేపర్‌కి నన్నడిగితే ఇదొక్కటే చాలు. "ఎలా" కూడా పెట్టి చూడండి. "ఎలా చేస్తే బాగుంటుంది?" అంటాం, పద్ధతి అడిగే "ఎలా"కి గోడలు అడ్డురావు.

మన ఊళ్లో ఉన్నారు కాబట్టి చేతిలో ఉన్న ఇంకో వసతి చెప్తాను. మామూలు హిందీలో లోపలి వాక్యం "కి" తర్వాత, పైక్రియకి కుడివైపు వస్తుంది. "రామ్ సోచ్‌తా హై కి కౌన్ ఆయా?" అని ఎవరొచ్చారని రాముడు అనుకుంటున్నాడో అడగలేరు. "రామ్ క్యా సోచ్‌తా హై కి కౌన్ ఆయా?" అనాలి. ఆ "క్యా" ఏమిటని అడగడం లేదు, లోపలున్న "కౌన్" పరిధి పైవాక్యం దాకా ఉందని జెండా ఊపుతోంది. మనకి "అని" చేసే సాయం వాళ్లకి లేకపోబట్టి ఈ ఏర్పాటు. పాతబస్తీ దక్కనీలో చూస్తే కట్టుబడి తెలుగు వైపు జరిగింది. "కిధర్ గయా కీ నై మాలూమ్" అంటారు, ఎటు పోయాడో తెలీదు అని. లోపలి వాక్యం ముందుకొచ్చేసింది, దాని చివర "కీ" సరిగ్గా మన "ఓ" కూర్చునే చోట కూర్చుంది. "కౌన్ కీ" అంటే మన "ఎవరో". కొన్ని వందల ఏళ్లు పక్కపక్కన బతికిన భాషల మధ్య ప్రశ్న పరిధిని చూపే పద్ధతే చేతులు మారిందన్నమాట.

ఒక సిద్ధాంతం గురించి ముందే హెచ్చరిస్తాను, ఎందుకంటే చదువుతుంటే తప్పకుండా తగులుతుంది. లీసా చెంగ్ 1991లో, ప్రశ్నపదం కదలని భాషల్లో ఇది ప్రశ్న అని చెప్పడానికి వేరే ప్రత్యయం ఉంటుందని, అది లేని భాషలే పదాన్ని ముందుకు తెచ్చుకుంటాయని అంది. అందంగా ఉంటుంది. తెలుగులో "ఆ" ఉంది కదా అని చాలామంది టక్కున కలిపేస్తారు. కానీ "వచ్చాడా?"లో ఉన్న "ఆ" అవును, కాదు ప్రశ్నలకే. "ఎవరు వచ్చారా?" అనం. "ఓ" ఏమో లోపలి వాక్యాలకే. విడి వాక్యంలో "ఎవరు వచ్చారు?" అన్నప్పుడు చివర ఏ గుర్తూ వినపడదు. అక్కడ కనిపించని గుర్తు ఒకటుందని అనొచ్చు, కానీ అలా అంటే దానికి ప్రభావం ఎక్కడ కనిపిస్తుందో చూపించే బాధ్యతా మీదే.

ఆఖరుగా డేటా గురించి. స్నేహితులకి వాక్యం చూపించి "ఇది కరెక్టేనా?" అని అడగకండి. బడిలో నేర్చుకున్న వ్యాకరణం గుర్తొచ్చి అడ్డం పడుతుంది, లేదా మర్యాద కోసం తలూపేస్తారు. ముందు ఒక సందర్భం చెప్పి, ప్రశ్న వేసి, ఏం జవాబు చెబుతారో రాసుకోండి. "పొద్దున అద్దె కట్టలేదని యజమాని షాపు మూసేశాడు. ఆ సంగతి తెలీక నువ్వు బేరం కోసం దాని ముందు నిలబడ్డావు" అని చెప్పి, "ఎందుకు మూసేసిన షాపు ముందు నిలబడ్డావు?" అని అడగండి. జవాబులో అద్దె వస్తుందా, బేరం వస్తుందా అన్నది లెక్కపెట్టండి. రాసి చూపిస్తే చాలదు, చదివి వినిపించండి. "ఎందుకు" తర్వాత చిన్న విరామం ఇస్తే జవాబు బేరం వైపు పోతుంది, కాబట్టి విరామం లేకుండా ఒక్క ఊపులో చదవాలి. అందరికీ ఒకేలా వినపడాలంటే ముందే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. కోస్తావాళ్లనీ తెలంగాణవాళ్లనీ విడివిడిగా రాసుకోండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లుంటే వాళ్లకి మూడో కాలమ్ పెట్టండి.